జిరాక్సు తీసిన గ్రామ పటాన్ని చదవడం ఎలా

గోదావరి డెల్టాలో ఊరి పెద్దల చేతికి గ్రామ పటం తరచుగా రాదు. మురుగు కాలువ వెడల్పు చేస్తామని నోటీసు వచ్చినప్పుడో, ఎవరో చేలకు వెళ్లే పుంత దారిని కలుపుకుని గట్టు వేసినప్పుడో, అన్నదమ్ములు చేలు పంచుకునేటప్పుడో వస్తుంది. ఆ వచ్చేది కూడా అసలు పటం కాదు. ఎవరో తీయించిన జిరాక్సుకు మళ్లీ తీసిన జిరాక్సు, లేదా ఫోనులో ఫొటో తీసి ప్రింటు కొట్టించిన కాగితం. స్కేలు, ఉత్తరం, గుర్తులు ఈ మూడూ తెలిస్తే పటం చదవొచ్చంటారు. నిజమే గానీ, కాపీ తీసేటప్పుడు ఈ మూడూ మూడు రకాలుగా చెడతాయి. అసలు పటానికి చెప్పే పాఠం చేతిలో ఉన్న కాపీకి అలాగే పనికిరాదు.

ముందు స్కేలు సంగతి. నేల మీద ఎంత దూరాన్ని కాగితం మీద ఎంత గీతగా కుదించారో చెప్పేదే స్కేలు. పాత గ్రామ పటాలు చాలావాటి మీద '16 అంగుళాలు = 1 మైలు' అని ఉంటుంది. దాన్ని సర్వే గొలుసుల్లోకి మార్చుకుంటే లెక్క తేలికవుతుంది. గొలుసు అంటే 66 అడుగులు, అందులో 100 లింకులు. మైలుకు 80 గొలుసులు. 16 అంగుళాలకు 80 గొలుసులంటే అంగుళానికి 5 గొలుసులు, అంటే 330 అడుగులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం కాబట్టి, ఈ పటం మీద ఒక చదరపు అంగుళం సరిగ్గా రెండున్నర ఎకరాలు. దీన్నే కొన్నిచోట్ల 1:3960 అని రాస్తారు. కాగితం మీద ఒక అంగుళం నేల మీద 3960 అంగుళాలు అని దాని అర్థం, లెక్క వేరే ఏమీ కాదు. 1:5000 పటమైతే సెంటీమీటరుకు 50 మీటర్లు, చదరపు సెంటీమీటరుకు దాదాపు 62 సెంట్లు. ఏ పటానికి ఏ స్కేలో కాగితం మీదే చూసుకోవాలి. పక్క ఊరి పటం అంగుళానికి 5 గొలుసులు కాబట్టి ఇదీ అంతే అయ్యుంటుందని అనుకోకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కోనసీమలో ఒక ఊరు. మురుగు కాలువ మీద కల్వర్టు ఉంది. అక్కడి నుంచి పుంత వెంట తిన్నగా వెళ్తే ఒక చేను మూల తగులుతుంది. ఆ దూరం ఎంతో పటం మీద తేల్చాలి. అసలు పటం మీద స్కేలుబద్ద పెడితే 2.4 అంగుళాలు వచ్చింది. 2.4ను 5తో హెచ్చిస్తే 12 గొలుసులు, అంటే 792 అడుగులు. ఇంతవరకు పేచీ లేదు.

ఇప్పుడు పటంలో ఆ ముక్క ఎ3 కాగితం మీద అసలు కొలతలోనే వచ్చిందనుకుందాం. ఎవరో దాన్ని ఎ4లోకి కుదించి జిరాక్సు తీయించారు. ఎ3ని ఎ4లోకి కుదిస్తే ప్రతి పొడవూ 100కు సుమారు 71 వంతులకు తగ్గుతుంది. 2.4 అంగుళాల గీత ఇప్పుడు 1.7 అంగుళాలు. కానీ కాగితం మూలన '16 అంగుళాలు = 1 మైలు' అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. అక్షరం సైజు తగ్గింది గానీ అది చెప్పే మాట మారలేదు. ఆ మాట నమ్మి 1.7ను 5తో హెచ్చిస్తే ఎనిమిదిన్నర గొలుసులు, అంటే 561 అడుగులు. అసలు దూరంలో 231 అడుగులు మాయమయ్యాయి. విస్తీర్ణం సంగతి ఇంకా ఘోరం. పొడవు, వెడల్పు రెండూ తగ్గాయి కాబట్టి రెండు ఎకరాల కమతం లెక్కలో ఒక ఎకరంగా తేలుతుంది. తాతల నాటి భూమిని ఎవరో తినేశారన్న అనుమానాలు కొన్నిసార్లు ఇలాంటి కాగితం నుంచే పుడతాయి.

దీనికి విరుగుడు అదే కాగితం మీద ఉంటుంది. పటం అడుగున గీత రూపంలో గీసిన స్కేలును వెతకాలి. దాని మీద 0, 5, 10, 15 అని గొలుసులు గుర్తించి ఉంటాయి. పటం కుదిస్తే ఈ గీత కూడా అంతే తగ్గుతుంది, పెంచితే అంతే పెరుగుతుంది. అందుకే కాపీ ఏ సైజులో ఉన్నా గీత స్కేలు చెప్పేది నిజం. అంకెల్లో రాసిన స్కేలు మాత్రం అసలు సైజు కాగితానికే నిజం. రెంటికీ పొత్తు కుదిరిందో లేదో చూడటం తేలిక. అంగుళానికి 5 గొలుసుల పటంలో 0 నుంచి 10 వరకు సరిగ్గా 2 అంగుళాలు ఉండాలి. బద్ద పెడితే 1.4 వచ్చిందంటే ఆ కాపీని కుదించారన్నమాట. ఇక అంకెల స్కేలును పక్కన పెట్టేయాలి.

గీత స్కేలుతో కొలవడానికి లెక్కలు అక్కర్లేదు. తెల్ల కాగితం నుంచి తిన్నటి అంచున్న పట్టీ ఒకటి చించుకోవాలి. ఆ అంచును పటం మీద కల్వర్టు నుంచి చేను మూల దాకా ఆనించి, రెండు చోట్లా పెన్సిలుతో సన్నగా గీత పెట్టాలి. తర్వాత పట్టీని తీసుకెళ్లి గీత స్కేలు మీద పెట్టాలి. పుంత వంకర తిరిగితే పట్టీని వంపు దగ్గర ఆపి, పెన్సిలు మొనతో అక్కడే నొక్కిపట్టి, తర్వాతి ముక్క వైపు తిప్పుకుంటూ పోవాలి. దారం పెట్టి కొలిచేవాళ్లూ ఉన్నారు. దారం సాగుతుంది, పట్టీయే నయం.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. చాలా పటాల గీత స్కేలులో సున్నా ఎడమ చివర ఉండదు. సున్నాకు ఎడమ పక్కన ఇంకో ముక్క ఉంటుంది, దాన్ని సన్న సన్న భాగాలుగా విడగొట్టి ఉంటారు. మన పటంలో ఆ ముక్క 5 గొలుసులు, ఒక్కో గొలుసుకు ఒక్కో గీత. పట్టీ మీది కుడి గుర్తును 10 మీద పెడితే, ఎడమ గుర్తు సున్నా దాటి ఎడమ ముక్కలో రెండో గీత మీద పడుతుంది. పదికి రెండు కలిపితే 12. అలా కాకుండా పట్టీని గీత మొదట్లోంచి, అంటే ఎడమ కొసన ఆనించి కుడి పక్క అంకె చదివితే 7 వస్తుంది. 5 గొలుసులు, అంటే 330 అడుగులు పోయాయి. కాపీ మంచిదైనా, కొలత సరిగ్గా తీసినా సున్నా ఎక్కడుందో చూడకపోతే ఇదే గతి.

కాపీలో గీత స్కేలు లేకుండా కత్తిరించేసి ఉంటే? అప్పుడు నేలే స్కేలు. పటం మీదా, ఊళ్లోనూ ఇప్పటికీ కదలకుండా ఉన్న రెండు చోట్లు ఎంచుకోవాలి. రెండు కల్వర్టులో, ఒక సర్వే రాయీ కాలువ తూమో. వాటి మధ్య టేపు పట్టి కొలిస్తే 660 అడుగులు వచ్చి, అదే దూరం కాగితం మీద 1.4 అంగుళాలు ఉంటే, ఆ కాపీ స్కేలు తెలిసిపోయినట్టే. ఫోనుతో ఫొటో తీసిన పటానికి మాత్రం ఇది ఒక్కటీ చాలదు. ఫోను ఒక పక్కకు వాలితే పటం ఒక వైపు పెద్దదిగా, ఇంకో వైపు చిన్నదిగా వస్తుంది. పటం చుట్టూ ఉన్న చట్రం గీతను నాలుగు వైపులా కొలవాలి. ఎదురెదురు పక్కలు సమానంగా లేకపోతే ఆ కాగితం మీద ఏ దూరాన్నీ నమ్మడానికి లేదు, ఏ సర్వే నంబరు ఎవరి పక్కన ఉందో చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

లెక్క తేలాక ఒకసారి నడిచి చూడటం మంచిది. మామూలు నడకలో ఒక్కో అంగ రెండున్నర అడుగులు అనుకుంటే 792 అడుగులకు దాదాపు 317 అంగలు వేయాలి. 561 అయితే 224 వేస్తే చాలు. నడక కొలత అంత ఖచ్చితం కాదు గానీ, ఈ రెంటిలో ఏది తప్పో చెప్పేంత పని చేస్తుంది.

స్కేలు ఎంత సరిగ్గా ఉన్నా గ్రామ పటం తీర్చలేని తగాదా ఒకటుంది, అది గట్టు తగాదా. పటం మీద సరిహద్దు గీత మందం 0.3 మిల్లీమీటర్లు అనుకుందాం. 1:3960 స్కేలులో ఆ మందమే నేల మీద దాదాపు 4 అడుగులు. పక్కవాడు రెండు అడుగులు జరిగాడా లేదా అన్నది ఆ గీత లోపలే ఇమిడిపోతుంది. దానికి ఆ సర్వే నంబరుకు విడిగా ఉండే ఎఫ్‌ఎంబీ, అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ స్కెచ్ కావాలి. అందులో రాయికీ రాయికీ మధ్య దూరం అంకెల్లో రాసి ఉంటుంది కాబట్టి బద్దతో కొలవాల్సిన పనే లేదు, జిరాక్సులో కుదించినా అంకె చెడదు. అయితే ఆ అంకె ఏ కొలతలో ఉందో చూసుకోవాలి. పాత స్కెచ్ మీద 250 అని ఉంటే అవి లింకులు, అంటే 165 అడుగులు. దాన్ని అడుగులనుకున్నా, మీటర్లనుకున్నా కొంప మునుగుతుంది. ఇంకో మాట. ఎఫ్‌ఎంబీలో ఒక్కో కాగితానికి ఒక్కో స్కేలు ఉండొచ్చు. పక్కపక్క నంబర్ల స్కెచ్‌లు రెంటినీ అంచుకు అంచు కలిపి చూస్తే అతకకపోవడానికి తరచుగా అదే కారణం, కబ్జా కాదు.

ఇక ఉత్తరం. పటం పైవైపు ఉత్తరమని బడిలో నేర్పిన మాట చాలా పటాలకు సరిపోతుంది, అన్నిటికీ కాదు. ఊరు ఏటవాలుగా పొడుగ్గా ఉంటే కాగితంలో ఇమడటానికి పటాన్ని కాస్త తిప్పి గీస్తారు. అప్పుడు ఉత్తరం బాణం కూడా వాలి ఉంటుంది. జిరాక్సు కొట్టులో పెద్ద పటాన్ని ముక్కలుగా తీసేటప్పుడు బాణం ఒక ముక్కలో ఉండిపోతుంది, మన చేను ఇంకో ముక్కలో వస్తుంది. బాణమున్న ముక్కను కూడా తీసుకుని, చట్రం గీతకు బాణం ఎంత వాలి ఉందో చూసి, మన ముక్క మీద అదే వాలుతో ఒక బాణం గీసుకోవాలి. కాలువ గీతల మధ్య చిన్న బాణాలు కనిపిస్తే అవి ఉత్తరం కాదు, నీరు పోయే వైపు.

పటం మీద ఉత్తరం తెలిసింది. మరి నేల మీద ఉత్తరం? ఊళ్లో పెద్దవాళ్లకు దిక్కులు కొత్తగా చెప్పాల్సిన పని లేదనుకుంటాం. కానీ పటాన్ని సరిగ్గా పేర్చడానికి ఊరి వాడుక సరిపోదు. గోదావరి తూర్పుకు పోయి సముద్రంలో కలుస్తుందన్నది మొత్తం నదికి నిజం. ధవళేశ్వరం దాటాక గౌతమి ఆగ్నేయంగా యానాం వైపు సాగుతుంది. వశిష్ఠ మాత్రం దాదాపు నేరుగా దక్షిణానికి దిగి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ ఏటిగట్టు మీద నిలబడి నీరు పోయే వైపే తూర్పు అనుకుని పటం పేరిస్తే, పటం పావు వంతు తిరిగిపోతుంది. పటంలో తూర్పున ఉన్న చేను కాస్తా నేల మీద దక్షిణానికి పోతుంది.

పొద్దు పొడిచిన వైపు తూర్పు అనుకోవడంలోనూ తిరకాసు ఉంది. డెల్టా ఉన్న చోట సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి, సెప్టెంబరు నెలల్లో విషువత్తు రోజుల దగ్గరే. జూన్ చివర్లో తూర్పు నుంచి దాదాపు 24 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరు చివర్లో అంతే దక్షిణానికి జరిగి పొడుస్తాడు. 12 గొలుసుల దూరంలో 24 డిగ్రీల తేడా అంటే చేను మూల ఉండాల్సిన చోటు నుంచి 5 గొలుసులు పక్కకు పోతుంది. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందన్న మాట కూడా ఏడాదంతా పనిచేయదు. మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా వెళ్తాడు, ఆ మూడు నెలలూ మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది.

ఏ నెలలోనైనా తప్పని పద్ధతి పాతకాలంలో ఇళ్లకు ముగ్గు పోసినవాళ్లకు తెలిసినదే, శంకువు నాటడం. చదునుగా ఉన్న గచ్చు మీద అడుగు ఎత్తు పుల్లను నిలబెట్టాలి. రాయి కట్టిన దారం వేలాడదీసి పుల్ల నిటారుగా ఉందో లేదో చూడాలి. పుల్ల మొదలే కేంద్రంగా అడుగున్నర దారంతో సున్నా గీయాలి. పొద్దున పుల్ల నీడ సున్నా బయట దాకా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ తగ్గుతూ లోపలికి వస్తుంది. నీడ కొస గీతను తాకిన చోట ఒక గుర్తు పెట్టాలి. నెలను బట్టి ఇది 8 గంటలకూ తొమ్మిదిన్నరకూ మధ్య జరుగుతుంది. మధ్యాహ్నం రెండున్నరకూ నాలుగుకూ మధ్య నీడ మళ్లీ పెరిగి గీతను దాటుతుంది, అక్కడ రెండో గుర్తు. ఈ రెండు గుర్తులనూ కలిపిన గీత తూర్పు పడమరలు. పొద్దున పెట్టిన గుర్తు పడమర కొస. దానికి అడ్డంగా మూలమట్టం పెట్టి గీస్తే ఉత్తర దక్షిణాలు. పటం మీది బాణాన్ని ఆ గీతకు సమాంతరంగా, మొన ఉత్తరం వైపు ఉండేలా పెడితే పటం సరిగ్గా కూర్చున్నట్టు. పుల్ల కాస్త వాలినా, గచ్చు ఒక పక్కకు ఏటవాలుగా ఉన్నా గీత చెడుతుంది, అందుకే మర్నాడు ఇంకోసారి చేసి చూసుకోవడం మంచిది.

ఫోనులోని దిక్సూచి తొందరగా పని కానిస్తుంది. అది మామూలుగా చూపేది అయస్కాంత ఉత్తరం. ఈ ప్రాంతంలో అసలు ఉత్తరానికీ దానికీ తేడా తక్కువే, సుమారు ఒక డిగ్రీ. చేను వెతకడానికి అది అడ్డు రాదు. అడ్డొచ్చేది ఇనుము. ట్రాక్టరు బానెటు మీద పటం పరిచి దిక్సూచి చూస్తే, మోటారు షెడ్డు గోడ పక్కన నిలబడి చూస్తే, ఇనుప వంతెన మీద చూస్తే ముల్లు ఎటో చూపిస్తుంది. పది అడుగులు పక్కకు జరిగి చూసినప్పుడు దిక్కు మారిందంటే మొదటి చోట ఇనుము లాగిందని గుర్తు.

గుర్తుల పట్టిక గురించి చెప్పుకోవాల్సింది తక్కువే గానీ, డెల్టాలో రెండు చోట్ల అది జనాన్ని బాగా తికమక పెడుతుంది. మొదటిది కాలువా, పుంతా. రెంటినీ పక్కపక్కన సాగే రెండు గీతలతోనే చూపిస్తారు. రంగుల పటంలో నీలం ఉంటే నీరని తెలుస్తుంది, జిరాక్సులో నీలం కూడా నలుపే. పంట బోదె, మురుగు కాలువ, పుంత మూడూ ఒకే పోలికలో కనిపిస్తాయి. అప్పుడు పట్టిక దగ్గరికి వెళ్లి ఏ గీతకు చుక్కలున్నాయి, ఏ గీత మధ్య బాణముంది, ఏది తెగి తెగి ఉంది అని ఒక్కొక్కటీ పోల్చాలి. గుర్తు ఆకారం రంగులా పోదు. నీటి దారికి మొదలూ చివరా ఉంటాయి, ఏదో తూములోంచో పెద్ద కాలువలోంచో పుట్టి ఇంకో కాలువలోనో ఏటిలోనో కలవాలి. పుంతకు ఆ నియమం లేదు, ఊళ్లోంచి బయల్దేరి చేల మధ్య ఆగిపోవచ్చు.

రెండోది లంక. ఏటి అంచు గీతకు పట్టికలో ఒక గుర్తు ఉంటుంది, దాన్ని చదవడం కష్టం కాదు. కష్టం ఆ గీత ఏ ఏటిదో తెలుసుకోవడం. ఏరు ఒడ్డును కోస్తుంది, ఇంకో చోట ఇసుక మేట వేస్తుంది. 1986 ఆగస్టు నాటి పెద్ద వరదకు ముందు కొలిచిన పటంలో లంక చేను కింద రాసిన నంబరు ఈ రోజు నీళ్లలో ఉండొచ్చు, పటం మీద ఏరని చూపించిన చోట ఇప్పుడు కూరగాయల సాగు నడుస్తుండొచ్చు. అందుకే లంక ఊరి పటం చేతికి రాగానే గుర్తుల కన్నా ముందు సర్వే చేసిన సంవత్సరం చూడాలి. ముద్రించిన సంవత్సరం వేరు, సర్వే సంవత్సరం వేరు. కొత్తగా ముద్రించినా కొలతలు పాతవే కావచ్చు. 2020 చివర్లో మొదలైన రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం, అంటే ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి కాబట్టి, పాత పటం మీది నంబరుకు కొత్త నంబరు ఏదో కూడా కలిపి చూసుకోవాలి.

మురుగు పోక చేలు మునిగే ఊళ్లలో పటం పరిచి, నీరు ఇటు దిగుతుందా అటు దిగుతుందా అని వాదులాడుకుంటారు. గ్రామ పటంలో ఎత్తుపల్లాల ఊసే ఉండదు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో ఎత్తు గీతలుంటాయి గానీ, సాధారణంగా 20 మీటర్లకు ఒక గీత. డెల్టా నేల చాలా మేర అంతకన్నా కిందే ఉంటుంది కాబట్టి ఆ పటం మీద ఒక్క గీతా పడదు. గీత లేదంటే వాలు లేదని కాదు, ఆ వాలు 20 మీటర్ల జల్లెడలో పడలేదని. అక్కడక్కడ చుక్క పక్కన ఎత్తు అంకె రాసి ఉంటుంది, ఉంటే అది చూసుకోవచ్చు. రెండు చేల మధ్య అరడుగు వాలు తేలాలంటే మాత్రం లెవెలింగు పరికరం పెట్టి చూడాల్సిందే. అది లేకపోతే పారదర్శకమైన సన్న పైపులో నీళ్లు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఆగి, రెండు కొసలనూ రెండు గట్ల మీద పట్టుకుని నీటి మట్టాలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవొచ్చు.